కొబ్బరి లారీ రెండైన రోజు నుంచి ప్రిజం అద్దాల దాకా

"మా నాన్నగారికి షుగర్ వల్ల కంటి నరం దెబ్బతిని అన్నీ రెండేసి కనిపిస్తున్నాయి. ప్రిజం కళ్ళజోడు పెడితే పూర్తిగా తగ్గుతుందా? వాడినవాళ్ళు చెప్పండి."

నేను వాడాను, ఇప్పటికీ వాడుతున్నాను. ముందు ఒక్క మాట. సమస్య మొదలై ఇంకా నెలలే అయి ఉంటే, ప్రిజాన్ని అద్దంలోనే కలిపి చేయించే ఖరీదైన కళ్ళజోడు జోలికి వెళ్ళకండి. అద్దం మీద అంటించే ప్లాస్టిక్ ప్రిజం అడగండి. ఈ మాట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే రెండు నెలల బాధ, ఆరువేల పైచిలుకు డబ్బు మిగిలేవి.

మాది అంబాజీపేట దగ్గర పల్లె, కొబ్బరి వ్యాపారం. నాకప్పుడు యాభై ఆరేళ్ళు. కార్తీక మాసంలో ఒకరోజు పొద్దున్నే దింపు చూసుకుందామని కాలువ గట్టు మీద బండి మీద వెళ్తున్నాను. ఎదురుగా కాయల లారీ వస్తోంది. దాని కుడిపక్కన అచ్చం అలాంటిదే ఇంకో లారీ. గట్టు మీద రెండు లారీలు పట్టవని నాకు తెలుసు, అయినా ఏది నిజమో తేల్చుకోలేక బండి దించేసి అరటితోటలోకి దిగిపోయాను. డ్రైవర్ ఆపి, "ఏవండీ, కళ్ళు తిరిగాయా?" అన్నాడు. ఆ తర్వాత నెలరోజులూ ఊళ్ళో అందరూ అదే అడిగారు. కళ్ళు తిరగడం వేరు, రెండుగా కనబడడం వేరు అని చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. ఒకాయన చుక్కలమందు తెచ్చి ఇచ్చాడు. నరం పనిచేయకపోతే కంట్లో చుక్కలు ఏం చేస్తాయి?

గట్టు మీదే కుడికన్ను మూశాను. కుడిపక్క లారీ మాయమైంది, ఎడమది నిలిచింది. ఈ పరీక్ష మీ నాన్నగారి చేత తప్పకుండా చేయించండి. ఏ కన్ను మూసినా ఒక్కటే కనిపిస్తే రెండు కళ్ళూ ఒకే చోటికి గురిపెట్టడం లేదని అర్థం, ప్రిజం పనికొచ్చేది అప్పుడే. ఒక కన్ను మూసినా మిగిలిన కంటికి రెండుగానే కనిపిస్తే అది శుక్లమో మరొకటో, అక్కడ ప్రిజం దండగ.

ఆసుపత్రిలో నా కనురెప్పలు, కనుపాపలు టార్చి వేసి చాలాసేపు చూశారు. రెప్ప వాలి, పాప పెద్దదై, తలనొప్పి కూడా ఉంటే మెదడులో రక్తనాళం ఉబ్బి ఉండొచ్చట, ఆ రోజే స్కానింగ్‌కి పరుగెత్తాలట. నాకు అవేమీ లేవు. పరగడుపున షుగర్ 240 ఉంది. కుడికన్నును బయటికి తిప్పే ఆరో నరానికి రక్తం అందించే సన్నటి నాళం మూసుకుపోయిందన్నారు. కన్ను బయటికి లాగేవాడు లేక ముక్కువైపు ఒరిగింది. షుగర్ వల్ల వచ్చిన ఇలాంటివి చాలామందికి మూడు నుంచి ఆరు నెలల్లో వాటంతటవే కుదురుకుంటాయని కూడా అప్పుడే చెప్పారు. ఆ మాట నేను చెవిన పెట్టలేదు.

తర్వాత కొలత తీశారు. బిళ్ళబిళ్ళలుగా ప్రిజాలు పేర్చిన పట్టీ ఒకటి కుడికంటి ముందు పైనుంచి కిందికి జరుపుతూ, కన్ను మార్చి మార్చి మూస్తూ, ఎక్కడ కదలిక ఆగిందో చూశారు. దూరానికి 20 వచ్చింది. దగ్గర చదివేటప్పుడు 6. కుడివైపు చూస్తే 35, ఎడమవైపు చూస్తే దాదాపు ఏమీ లేదు. ఈ నాలుగు అంకెల్లోనే అసలు విషయమంతా ఉంది.

ప్రిజం పవర్ ఒకటి అంటే మీటరు దూరంలో వెలుగును ఒక సెంటీమీటరు పక్కకి జరుపుతుంది. నాది 20, అంటే ఆరు మీటర్ల దూరంలో మనిషి నిలబడితే నూట ఇరవై సెంటీమీటర్లు, సుమారు నాలుగడుగుల పక్కన అతని జంట నిలబడి ఉంటుంది. ప్రిజం ముక్క ఒకవైపు మందంగా, ఒకవైపు సన్నగా ఉంటుంది. వెలుగు మందపు వైపుకి వంగుతుంది, మనకి కనిపించే బొమ్మ సన్నటి వైపుకి జరుగుతుంది. నా కుడికంటి బొమ్మ కుడికి పోయింది కాబట్టి మందపు వైపు చెవి దిక్కుకి పెడితే ఆ బొమ్మ ఎడమకి జరిగి అసలు దాని మీద కూర్చుంటుంది. కన్ను ఒరిగిన చోటే ఉంటుంది, బొమ్మ దాని దగ్గరికి వస్తుంది అంతే. అందుకే తగ్గుతుందా అన్న మీ ప్రశ్నకి ప్రిజం దగ్గర జవాబు లేదు. తగ్గాల్సింది నరం.

ఇక నా పొరపాటు. ఆసుపత్రిలో స్టిక్కర్ ప్రిజం రాసిచ్చారు. ఫ్రెనెల్ అంటారు దాన్ని. చిన్న చిన్న ప్రిజాలని గాడుల్లా వరసగా పేర్చిన పల్చటి ప్లాస్టిక్ రేకు, మందం ఒక మిల్లీమీటరు. కళ్ళజోళ్ళ షాపులో ఆ కాగితం చూపిస్తే, "గీతలు కనబడతాయండి, చూపు మసకగా ఉంటుంది, అద్దంలోనే కలిపి నీటుగా చేయిస్తాను" అన్నాడు. కొత్తగా సంబంధాలు చూస్తున్నాం ఇంట్లో, గీతల అద్దంతో కూర్చోవడం ఏమిటని నేనూ సరేనన్నాను. 20ని రెండు అద్దాలకీ పది పది పంచాడు. మామూలు ప్లాస్టిక్ అద్దం యాభై మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే, పది ప్రిజానికి చెవి వైపు అంచు పది మిల్లీమీటర్లు అదనంగా లావెక్కుతుంది. బరువుకి ముక్కు మీద పుండు పడింది. వీధి దీపాల చుట్టూ రంగుల అంచు కనిపించేది. అయినా ఎదురుగా ఉన్న మనిషి ఒక్కడే కనిపించాడు కాబట్టి మొదటి వారం నాకెంత సంతోషమో. మా ఆవిడ రెండు కాఫీలు కాకుండా ఒక్క కాఫీ పట్టుకుని వస్తోందని పదే పదే చూసుకున్నాను.

ఆరోవారం దాటాక తలనొప్పి మొదలైంది. కనుబొమల మధ్య లాగేది. షుగర్ ఎక్కువైందేమో అనుకున్నాను, చూస్తే అదుపులోనే ఉంది. సంక్రాంతి ముందు ఒక సాయంత్రం పని మీద నరసాపురం వెళ్దామని సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడ్డాను. అవతలి ఒడ్డు నుంచి పంటు వస్తోంది. చూస్తూ ఉండగానే అది రెండుగా చీలింది. పాత అలవాటుగా కుడికన్ను మూశాను. కుడి పంటు పోవాలి కదా? ఎడమ పంటు పోయింది! కళ్ళజోడు తీసి చూశాను. అప్పుడూ రెండే, కానీ బాగా దగ్గరగా, పైగా పాత వరసలో. కుడికన్ను మూస్తే కుడిదే పోతోంది.

మర్నాడు ఆసుపత్రికి వెళ్తే కొలత 8కి దిగింది. నరం కోలుకుంటోంది, అద్దంలో ఉన్నది మాత్రం 20. మిగిలిన పన్నెండుకి సరిపడా నా కళ్ళు రోజంతా బలవంతంగా లోపలికి ముడుచుకుని బొమ్మని కలుపుతున్నాయన్నమాట. ఆ లాగుడే తలనొప్పి. పొద్దుపోయి అలసట వచ్చేసరికి పట్టు జారి రెండైంది, ఈసారి తిరగబడిన వరసలో. జబ్బు కాదు, కళ్ళజోడే నాకు రెండు చూపించింది. మీ నాన్నగారికి జోడు పెట్టిన కొన్ని వారాలకి ఇలా అనిపిస్తే ఏ కన్ను మూస్తే ఏ పక్కది పోతోందో చూసుకోమనండి. వరస తారుమారైతే ప్రిజం ఎక్కువైందని అర్థం.

ఆ అద్దాలని మళ్ళీ మార్చే వీల్లేదు. మూల పడేశాను. అప్పుడు పాత కళ్ళజోడు కుడి అద్దానికి 8 ప్రిజం స్టిక్కర్ వేయించుకున్నాను. అద్దం ఆకారానికి కత్తెరతో కత్తిరించి, నీళ్ళ కింద పెట్టి, నున్నటి వైపు అద్దం లోపలి ముఖానికి అంటించారు. షాపాయన చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. గీతలు కనిపిస్తాయి, చూపు కొంచెం మసకబారుతుంది, రాత్రి హెడ్‌లైట్లు చారలుగా సాగుతాయి, గాడుల్లో దుమ్ము చేరుతుంది. గుడ్డతో రుద్దకూడదు, నీళ్ళతో కడుక్కోవాలి. కానీ కొలత మారినప్పుడు ఊడదీసి వేరేది వేయొచ్చు, మూడు నెలల పనికి అంతకంటే ఏం కావాలి? చదివేటప్పుడు ప్రిజం లేని వేరే జోడు పెట్టుకోమన్నారు, నాకు దగ్గర చూపులో తేడా తక్కువ కాబట్టి.

నాలుగో నెలకి 4కి వచ్చింది, ఆరో నెలలోనూ 4 దగ్గరే నిలిచింది. అప్పుడు మాత్రమే అద్దంలో కలిపి చేయించాను, అటు రెండు ఇటు రెండు. అంచు రెండు మిల్లీమీటర్లు లావు, చెప్తే తప్ప ఎవరికీ తెలియదు.

ఇది పెట్టుకున్నా కుడివైపు కొసకి చూస్తే నాకింకా రెండే. ప్రిజం ఒకే అంకె, కానీ నా కంటి తేడా చూసే దిక్కుని బట్టి మారుతుంది. మన దేశంలో ఎదురొచ్చే బండి కుడివైపే కదా, అందుకే నేను మొహమంతా కుడికి తిప్పి బండి నడుపుతాను. రెండు నెలలు మొద్దు జోడుతో ఎలా నడిపానో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

ఇంకో సంగతి కూడా చూశాను. మా దగ్గర దింపు తీసే అబ్బాయి చెట్టు మీంచి పడి తలకి దెబ్బ తగిలించుకున్నాడు. అతనిది నాలుగో నరం. ఒక బొమ్మ పైన, ఒకటి కింద, పైగా ఒకటి వాలిపోయి. ప్రిజం వేస్తే పైదీ కిందదీ ఒకచోటికి వచ్చాయి కానీ వాలు అలాగే ఉండిపోయింది. "బాబాయ్, చెట్టు మీద ఇంకో చెట్టు పక్కకి ఒరిగినట్టుంది" అనేవాడు. ప్రిజం బొమ్మని జరుపుతుంది, తిప్పలేదు. తల ఒక భుజం మీదకి వాల్చి నడిచేవాడు. చివరికి అతనికి ఆపరేషనే చేశారు. మీ నాన్నగారు గుమ్మం అంచో, కరెంటు స్తంభమో చూసి ఒకటి ఏటవాలుగా ఉందంటే డాక్టరుకి ఆ మాట విడిగా చెప్పండి, అడక్కపోయినా.

మొదలై ఎన్ని వారాలైందో, దూరానికి దగ్గరికి కొలతలు ఎంతెంత రాశారో కింద పెట్టండి. కాగితంలో పక్కలకి చూసినప్పటి అంకెలు లేకపోతే, కళ్ళజోడు ఆర్డరిచ్చే ముందు వెనక్కి వెళ్ళి అవి రాయించుకు రండి.