‘పోచంపల్లి’, ‘పడుగు’, ‘తూనీగ’: చీరల బ్రాండుకు ఏ పేరు నిలుస్తుంది?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసే అమ్మాయిల కోసం చేనేత చీరల బ్రాండు పెడుతున్నాను. పేరులో మనదనం ఉండాలి, కానీ పాతకాలపు ‘సిల్క్స్’, ‘శారీ మందిర్’ వద్దు. ‘పోచంపల్లి పాప’, ‘పడుగు’, ‘తూనీగ’ అనుకున్నాం. మంగళగిరి చీరలూ అమ్ముతాం. ట్రేడ్‌మార్క్ దేనికి వస్తుంది? – ఒక పాఠకురాలు

జవాబు: నేనైతే తూనీగనే ఎంచుకోమంటాను. పోచంపల్లి పాపను ఇప్పుడే వదిలేయండి. పోచంపల్లి ఇకత్‌కు జీఐ, అంటే ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు చెందుతుందనే భౌగోళిక గుర్తింపు ఉంది. వేరే ఊరి సరుకు మీద జనం పొరబడేలా ఆ పేరుంటే, జీఐ చట్టం 25వ సెక్షన్ కింద ట్రేడ్‌మార్క్ నిరాకరిస్తారు, వచ్చిందాన్నీ రద్దు చేయవచ్చు. మంగళగిరి చీరకు మీరు ఆ లేబుల్ కుట్టిన రోజే చిక్కు మొదలవుతుంది. అలాగని పోచంపల్లి మాటే ఎత్తకూడదని కాదు. జీఐ కింద నమోదైన నేతన్న దగ్గరో, సంఘం దగ్గరో కొన్న అసలు చీరను ‘పోచంపల్లి ఇకత్’ అని చెప్పే అమ్ముకోవచ్చు. కొనుగోలు బిల్లులు మాత్రం జాగ్రత్త చేయండి.

పడుగు నాకూ నచ్చింది. నగరంలో పెరిగిన పిల్లలకు అది కొత్తగా వినిపిస్తుంది, కానీ మగ్గం దగ్గర రోజూ వాడే మాట. సరుకు రకాన్నో, లక్షణాన్నో చెప్పే మాటలకు ట్రేడ్‌మార్క్ చట్టం 9వ సెక్షన్ అడ్డుపడుతుంది. తెలుగు లిపిలో దరఖాస్తు చేస్తే ఆ మాటకు అర్థాన్ని ఇంగ్లిష్‌లోనో హిందీలోనో రాసివ్వాలి. కాబట్టి అధికారికి తెలుగు రాకపోయినా, అది నేతలో నిలువు దారాల పేరని మీ కాగితమే చెబుతుంది. చాలామంది అలాంటి మాటను బొమ్మతో కలిపి లోగోగా రిజిస్టర్ చేయించుకుని ధీమాగా ఉంటారు. లోగో దక్కినా మాట మీద హక్కు దక్కడం కష్టం. పక్క దుకాణం ‘పడుగు చీరలు’ అని బోర్డు పెడితే ఆపలేరు. ఆసు, చిటికి, నాడె లాంటి నేతపని మాటలదీ ఇదే సంగతి.

తూనీగకు చీరతో ఏ సంబంధమూ లేదు, చట్టం దృష్టిలో దాని బలమే అది. ఇంకెవరూ ముందే తీసుకోలేదని చూసుకోవాలి. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్ పబ్లిక్ సెర్చ్‌లో Tooneega, Thuneega, Tuniga అని రకరకాలుగా కొట్టి చూడండి, ఉచ్చారణ పోలిక చూపే ఆప్షన్ కూడా వాడండి. ట్రేడ్‌మార్క్ కోసం సరుకులనూ సేవలనూ క్లాసులుగా విడదీస్తారు: చీరలు 25వ క్లాసు, బట్ట 24, దుకాణ వ్యాపారం 35. మూడింట్లోనూ వెతకండి. రిజిస్టర్ చేయించకుండానే మీకంటే ముందు నుంచి ఆ పేరుతో బట్టలు అమ్ముతున్నవారికీ హక్కుంటుంది కాబట్టి ఇన్‌స్టాగ్రామ్ కూడా చూడండి.

ఖాళీగా ఉంటే ముందు మాటకే, 25వ క్లాసులో, ట్రేడ్‌మార్క్ దరఖాస్తు అయిన TM-A ఫారం వేయండి. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో వేస్తే క్లాసుకు 4,500 రూపాయలు. మీ దరఖాస్తును ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో ప్రచురించాక ఇతరుల అభ్యంతరాలకు 4 నెలల గడువుంటుంది. ట్యాగు మీద ‘తూనీగ’ పెద్దగా వేసి, కింద చిన్న అక్షరాల్లో ‘పోచంపల్లి ఇకత్, పట్టు’ అనో ‘మంగళగిరి, నూలు’ అనో ఏ చీరకు ఆ చీర వివరం రాయండి. సంప్రదాయం ఆ రెండో వరుసలో ఉంటుంది. పేరు పక్కన ప్రస్తుతానికి ™ చాలు. రిజిస్ట్రేషన్ చేతికి రాకముందే ® వేస్తే చట్టరీత్యా తప్పు.