పిలుపుల ఉత్తరం పంపండి, రెండు రూపాయల వడ్డీ జోలికి వెళ్లకండి

ప్రశ్న: మాది హన్మకొండ. మా వారికి చిన్న హార్డ్‌వేర్ షాపు ఉంది. ఫిబ్రవరి 12న పెద్దమ్మాయి పెళ్లి. అమ్మాయికి పెట్టే బంగారం ముందే కొనిపెట్టాం. అది కాక బ్యాంకులో 8 లక్షలు ఉన్నాయి. హాలు, బట్టలు, డెకరేషన్, ఫొటోలు కలిపి 3 లక్షలు అవుతోంది. భోజనం ప్లేటుకు 500. ఇంటి ఖర్చు నెలకు 40 వేలు. హాలు 500 మందికే సరిపోతుంది కాబట్టి ‘కొన్ని కారణాల వల్ల పరిమితంగా పిలుస్తున్నాం, ఎంతమంది వస్తారో ఫిబ్రవరి 9లోగా చెప్పండి’ అని బంధువులకు ఉత్తరం తయారుచేశాం. మా బావగారేమో అలా రాస్తే పరువు పోతుంది, ఇంకో లక్షన్నర పెట్టి పెద్ద హాలు తీసుకుని వెయ్యి మందికి పెట్టండి, తక్కువ పడిన 2 లక్షలు రెండు రూపాయల వడ్డీకి ఇప్పిస్తాను, చదివింపులతో తీరిపోతుంది అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ఉత్తరం పంపండి. అప్పు మాత్రం వద్దు. అయితే ఆ ఉత్తరాన్ని ఇప్పుడున్నట్టే పంపకండి. మీరు అనుకున్న సంఖ్యా తప్పే, అందులో రాసిన తేదీ కూడా తప్పే.

సంఖ్య సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే పెళ్లి ఇళ్లవాళ్లలో చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. హాలులో ఎంతమంది పడతారో అంతమందిని పిలుస్తారు. హాలుకు మీ ఇంటి సంగతి ఏం తెలుసు? ఎంతమందిని పిలవాలో చెప్పాల్సింది మీ బ్యాంకు పుస్తకం. మీది జీతం వచ్చే ఇల్లు కాదు, షాపు మీద నడిచే ఇల్లు. మీవారు నెల రోజులు మంచం పడితే షట్టరు దించాల్సిందే. హోల్‌సేల్ బాకీలు మాత్రం ఆగవు. కాబట్టి ఆరు నెలల ఇంటి ఖర్చు, అంటే 2,40,000, పెళ్లి లెక్కలోకి రానే రాకూడదు. షాపు ఉన్నవాళ్లకు తొమ్మిది నెలలది ఉంచమని చెబుతాను. పెళ్లి నెత్తి మీద ఉంది కాబట్టి ఆరు దగ్గర ఆగుతున్నాను. అంతకంటే ఒక్క రూపాయి తగ్గినా ఒప్పుకోను.

ఇప్పుడు లెక్క వేయండి. 8 లక్షల్లో 2,40,000 పక్కన పెడితే 5,60,000. హాలు, బట్టలు, మిగతావి 3 లక్షలు పోతే 2,60,000. పసుపు కొట్టిన రోజు నుంచి అప్పగింతల దాకా ఇంట్లో దిగే ఆడపడుచులు, మేనత్తలు, పిల్లలకు వండి పెట్టడానికి 40 వేలు తీసిపెట్టండి. దీన్ని అందరూ మర్చిపోతారు. చివరి రోజుల చిల్లర ఖర్చులకు 20 వేలు. మిగిలింది 2 లక్షలు. ప్లేటు 500 అంటే 400 మంది. మీరు అనుకున్న 500 మందికి పెడితే ఆ అదనపు వంద ప్లేట్లు మీ ఆరు నెలల డబ్బులోంచి 50 వేలు తింటాయి.

ఆ 400లో కూడా అందరూ మీ చుట్టాలే కాదు. మగపెళ్లివారి తరఫున ఎంతమంది వస్తారో ఉత్తరంతో అడగకూడదు, అది మర్యాద కాదు. మీ బావగారికి నిజంగా సాయం చేయాలనుంటే ఈ పని అప్పగించండి. సంబంధం కుదిర్చిన పెద్దమనిషిని వెంటబెట్టుకుని వెళ్లి, ఎన్ని బస్సులు వేసుకుని వస్తున్నారో మాట్లాడుకుని రమ్మనండి. బస్సుల లెక్క తెలిస్తే మనుషుల లెక్క తెలిసినట్టే. వాళ్లది 120 అనుకుందాం. ఫొటోగ్రాఫర్లు, బ్యాండు వాళ్లు, డెకరేషన్ కుర్రాళ్లు, డ్రైవర్లు కూడా మన దగ్గరే తింటారు. వాళ్లకు ఒక 25 ప్లేట్లు వేసుకోండి. ఇక మీ చేతిలో మిగిలింది 255. ఉత్తరం వెళ్లాల్సిన ఇళ్ల జాబితా ఈ 255ను చూసి రాసుకోవాలి. కాలనీ వాళ్లు, షాపు ఖాతాదారులు ఇందులో ఇమడకపోతే పెళ్లయ్యాక ఒక సాయంత్రం ఇంటికి పిలిచి స్వీటు, టీ ఇవ్వండి.

ఇక తేదీ. క్యాటరింగ్ వాళ్లు మామూలుగా నాలుగైదు రోజుల ముందే చివరి లెక్క అడుగుతారు. సామాను కొనాలి, వడ్డించే మనుషులను మాట్లాడుకోవాలి. మీరు ఫిబ్రవరి 9లోగా చెప్పమన్నారు. అప్పటికి వాళ్లకు లెక్క ఇచ్చేసి ఉంటారు, ఉత్తరానికి వచ్చే జవాబులు దేనికీ పనికిరావు. జనవరి 29 అని రాయండి. ఆ తర్వాత ఒక వారం ఫోన్లకు ఉంచుకోండి, ఎందుకంటే మనవైపు సగం మంది ఉత్తరానికి జవాబివ్వరు, ఎదురుపడ్డప్పుడు ‘వస్తాం తియ్యి’ అంటారు. ఆ మాటను లెక్కలో వేసుకోకండి. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఫోన్ చేసి, ‘పిల్లలకు పరీక్షలున్నాయా, అందరూ వస్తున్నారా, ముందురోజు రాత్రికే దిగుతారా, ముహూర్తం వేళకా’ అని మాటల్లో అడిగితే నిజమైన అంకె బయటికొస్తుంది. ఒక నోటుబుక్కులో ఇంటి పేరు, మనుషులు, ఏ పూట అని మూడు గడులు గీసుకుంటే చాలు.

ఉత్తరంలో ‘కొన్ని కారణాల వల్ల’ అన్న మాట తీసేయండి. బంధువులకు బాధ కలిగించేది అదే. ఏ కారణమో చెప్పకపోతే తమకు తోచిన కారణం వాళ్లే ఊహించుకుంటారు. ఇంకో చిక్కు కూడా ఉంది. పెళ్లి కార్డు మీద అలవాటుగా ‘సకుటుంబ సపరివార సమేతంగా’ అని అచ్చు వేస్తాం. కార్డు అందరినీ తీసుకురమ్మంటుంది, ఉత్తరం లెక్క చెప్పమంటుంది. చదివినవాళ్లు తమకు అనుకూలమైనదే పట్టుకుంటారు. కార్డులో ఆ మాట తీసి ‘కుటుంబసమేతంగా’ అని వేయించండి. ఉత్తరం పోస్టులోనో వాట్సాప్‌లోనో ఒంటరిగా పంపకండి. బొట్టు పెట్టి కార్డు ఇచ్చిన చేత్తోనే ఇవ్వండి. దూరం వాళ్లకైతే ముందు ఫోన్ చేసి పిలిచి, ఆ తర్వాత పంపండి. మాట ఇలా ఉంటే చాలు:

‘వదినా, అన్నయ్యా, ఫిబ్రవరి 12న మా అమ్మాయి పెళ్లికి మీరు తప్పకుండా రావాలి. మా శక్తి మేరకు 400 మందికి భోజనాలు ఏర్పాటు చేసుకుంటున్నాం. వచ్చిన ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి కడుపు నిండా పెట్టాలని మా ఆశ. మీ ఇంటి నుంచి ఎంతమంది వస్తున్నారో, ముందురోజు రాత్రి భోజనానికి కూడా ఉంటారో లేదో జనవరి 29లోగా ఫోన్ చేసి చెప్పండి. ఆ లోపు కుదరకపోతే మేమే ఫోన్ చేస్తాం.’

‘మీ ఇంటికి ఇద్దరే’ అని ఎక్కడా రాయొద్దు. అడగండి, హద్దు గీయకండి. మొత్తం సంఖ్య చెబితే దగ్గరివాళ్లు తామే సర్దుకుంటారు.

లెక్క తేలాక క్యాటరింగ్ ఆయనతో మాట్లాడేటప్పుడు జాగ్రత్తగా ఉండండి. ఆయన కనీస ప్లేట్ల సంఖ్య అడుగుతాడు. అన్ని ప్లేట్లు లేవకపోయినా ఆ డబ్బు కట్టాల్సిందే. మీకు 370 మంది ఖాయమైతే 350కి మాట ఇచ్చి, 400 వరకు అదే రేటుకు పెట్టేలా కాగితం మీద రాయించుకోండి. పెళ్లి రోజు ఇద్దరు పిల్లలను ప్లేట్ల దగ్గర నిలబెట్టండి. భోజనాలు మొదలవకముందు కట్టలు ఎన్ని, అయ్యాక మిగిలినవి ఎన్ని అని క్యాటరింగ్ మనిషితో కలిసి లెక్కపెట్టి, అక్కడే సంతకం తీసుకోవాలి. రాత్రికి లెక్క అడిగితే ఆయన చెప్పిందే అంకె. వంటమాస్టరును పెట్టుకుని, ఆయన ఇచ్చిన సామాన్ల చిట్టా ప్రకారం మీరే తెచ్చుకుంటే ఇంకొంత తగ్గొచ్చు, కానీ ఆ పని చూసుకునే మనిషి ఇంట్లో ఉండాలి.

ఇప్పుడు మీ బావగారి మాట. వెయ్యి మందికి భోజనాలు 5 లక్షలు, పెద్ద హాలుకు లక్షన్నర, మిగతావి 3 లక్షలు, ఇంటి భోజనాలు, చిల్లర 60 వేలు. మొత్తం 10,10,000. అంటే మీ 8 లక్షలూ పోయి, పైన 2 లక్షల అప్పు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి 24. నెలకు 4 వేలు, ఏడాదికి 48 వేలు, అసలు అలాగే ఉంటుంది. ఒక పూట భోజనానికి ఇది నాకు అసలు మింగుడుపడదు. పరువు పేరుతో ఇలాంటి అప్పు ఇప్పించేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది, ఎందుకంటే వడ్డీ కట్టే రోజు వాళ్లెవరూ పక్కన ఉండరు.

చదివింపులతో తీరుతుందన్న మాట నమ్మకండి. ఆ పుస్తకంలో రాసిన ప్రతి పేరు ఎదురుగా ఉన్నది రేపు వాళ్లింటి శుభకార్యానికి మీరు పెట్టాల్సిన డబ్బు. ఎంత వస్తుందో ఎవరికీ తెలియదు, దాని మీద అప్పు తెస్తారా?

కాజీపేటలో ఒక కుటుంబం నాకు బాగా గుర్తు. పెళ్లికి ఫిక్స్‌డ్ డిపాజిట్లన్నీ విడగొట్టారు. రెండు నెలల్లో ఇంటి పెద్దకు గుండెకు స్టెంటు వేయాల్సి వచ్చింది. ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టడానికి రాత్రికి రాత్రి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. పెళ్లికి వచ్చిన వాళ్లలో ఆ రాత్రి ఫోన్ ఎత్తినవాళ్లు ఇద్దరే అని ఆ ఇంటావిడ నాతో చెప్పి ఏడ్చింది. ఆ డిపాజిట్లలో ఒక్కటి ఉంచుకున్నా ఆ అప్పు అవసరమయ్యేది కాదు.

మిగతా దారులు ఒక్క మాటలో. బంగారం లోను రెండు రూపాయల వడ్డీ కంటే నయమే, కానీ మీకు అవసరమే లేదు. చిట్టీ ఉంటే నష్టానికి పాడి ఎత్తుకోకండి. కల్యాణ లక్ష్మికి పట్టణాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 2 లక్షలు మించకూడదు, మీ ఖర్చే అంతకంటే ఎక్కువ, కాబట్టి దాన్ని మర్చిపోండి. మీవారికి ఆరోగ్య బీమా లేకపోతే పెళ్లయిన నెలలోనే తీసుకోండి.

రేపు మొదట బ్యాంకుకు వెళ్లండి. 2,40,000ను మీ ఇద్దరి పేర్ల మీద విడిగా ఒక డిపాజిట్‌గా వేసి, ఆ రసీదు పెళ్లి ఖర్చుల ఫైల్లో పెట్టకుండా బీరువాలో పెట్టండి. ఆ తర్వాతే ఉత్తరంలో 400 అని రాసి ప్రింటుకు ఇవ్వండి.