టెక్ సందేహాలు: పెన్‌డ్రైవ్‌లో చేరిన ఎలక్ట్రాన్లు బయటికి ఎందుకు రావు?

పెన్‌డ్రైవ్‌లో డేటా రాసేటప్పుడు ఎలక్ట్రాన్లు టన్నెలింగ్ ద్వారా ఒక పొరను దాటి లోపలికి వెళ్తాయని చదివాను. అలా వెళ్లగలిగినవి, కంప్యూటర్ నుంచి తీసేశాక అదే దారిన బయటికి ఎందుకు రావు? పొర మందం, ఎలక్ట్రాన్ శక్తి ఎంత తేడా తెస్తాయో నేనే లెక్క కట్టి చూసుకునేందుకు చిన్న పైథాన్ ప్రోగ్రామ్ ఏదైనా ఇవ్వగలరా?

దారి అదే అయినా, రాసేటప్పుడు ఎలక్ట్రాన్‌కు ఎదురయ్యే అడ్డు వేరు, ఊరికే ఉంచినప్పుడు ఎదురయ్యే అడ్డు వేరు. ఈ రెండింటికీ ఉన్న తేడా ఎంతటిదో అంకెల్లో చూస్తే తప్ప నమ్మబుద్ధి కాదు. ఫ్లోటింగ్ గేట్ రకం ఫ్లాష్ మెమరీని ఉదాహరణగా తీసుకుందాం. ఇందులో సిలికాన్‌కూ, ఎలక్ట్రాన్లను దాచే ఫ్లోటింగ్ గేట్‌కూ మధ్య సిలికాన్ డయాక్సైడ్ పొర ఒకటి ఉంటుంది. దాని మందం సుమారు 7 నుంచి 8 నానోమీటర్లు. సిలికాన్‌లోని ఎలక్ట్రాన్ ఆ పొర పైనుంచి దాటిపోవాలంటే దానికి మరో 3.1 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. గది ఉష్ణోగ్రత వద్ద వేడి వల్ల దానికి దొరికే శక్తి 0.026 ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయిలోనే ఉంటుంది కనుక పైనుంచి దాటడమనేది జరగని పని. మిగిలింది టన్నెలింగ్ ఒక్కటే.

ఎలక్ట్రాన్‌కు తరంగ స్వభావం ఉంది. శక్తి చాలని ప్రాంతంలోకి అడుగుపెట్టిన తరంగం అక్కడికక్కడే ఆగిపోదు. లోపలికి వెళ్లే కొద్దీ క్షీణిస్తూ పోతుంది. పొర అవతలి అంచుకు చేరేసరికి అది ఇంకా కొంత మిగిలి ఉంటే, ఆ మిగిలినదాన్ని బట్టి ఎలక్ట్రాన్ అవతల కనిపించే సంభావ్యత ఉంటుంది. దాటే క్రమంలో ఎలక్ట్రాన్ శక్తిని ఎక్కడా అప్పు తెచ్చుకోదు, పోగొట్టుకోదు కూడా. ఏ శక్తితో వచ్చిందో అదే శక్తితో అవతల తేలుతుంది. క్షీణత ఎంత వేగంగా ఉంటుందో నిర్ణయించేది ఎలక్ట్రాన్‌కు తక్కువైన శక్తి, అంటే అడ్డు ఎత్తు V0 లోంచి ఎలక్ట్రాన్ శక్తి E తీసేస్తే మిగిలే V0 − E. ఆ వేగం దీని వర్గమూలాన్ని అనుసరిస్తుంది. మందం మాత్రం వర్గమూలం వంటి మెత్తని మెలికేదీ లేకుండా నేరుగా ఘాతంలోకి వెళ్లి కూర్చుంటుంది.

మీరు అడిగిన ప్రోగ్రామ్ ఇది. మందమంతటా ఒకే ఎత్తు ఉన్న అడ్డుకు, E విలువ V0 కంటే తక్కువగా ఉన్నప్పుడు, ఇది ఉజ్జాయింపు కాదు, కచ్చితమైన సూత్రమే.

```python
import math

def T(E, V0, d, m=0.42):
    k = 5.123 * math.sqrt(m * (V0 - E))
    s = math.sinh(k * d)
    return 1 / (1 + (V0 * s)**2 / (4 * E * (V0 - E)))

for d in (1, 4, 5, 7):
    print(d, T(0.05, 3.15, d))
```

శక్తులను ఎలక్ట్రాన్ వోల్టుల్లోనూ, మందాన్ని నానోమీటర్లలోనూ ఇవ్వాలి. ప్లాంక్ స్థిరాంకం, ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి వంటివన్నీ 5.123 అనే అంకెలో ఇమిడిపోయాయి. 0.42 ఎందుకంటే, ఆక్సైడ్ లోపల ఎలక్ట్రాన్ తన అసలు ద్రవ్యరాశిలో దాదాపు అంత భాగమే ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. దాన్ని మరచి 1 అని పెడితే ఫలితం కొద్దిగా మారి ఊరుకోదు, పదికి ఎన్నో ఘాతాల తేడా వస్తుంది. పొరకు ఇటూ అటూ కూడా అదే ద్రవ్యరాశి వాడడం మాత్రం లెక్క సులువు కోసం చేసిన సర్దుబాటు.

ప్రోగ్రామ్ నడిపితే 1 నానోమీటరు మందానికి సంభావ్యత 2 × 10⁻⁶ వస్తుంది. అంటే పది లక్షల సార్లు తగిలితే రెండుసార్లు దాటుతుందన్నమాట. 4 నానోమీటర్లకు అది 1.2 × 10⁻²¹. 5 నానోమీటర్లకు 10⁻²⁶. 7 నానోమీటర్లకు 7 × 10⁻³⁷, అంటే దశాంశ బిందువు తర్వాత 36 సున్నాలు పెట్టి ఆ పైన 7 వేయాలి. మందం ఒక్క నానోమీటరు పెరిగిన ప్రతిసారీ సంభావ్యత సుమారు 1.2 లక్షల రెట్లు పడిపోతోంది.

వీటిని కాలంలోకి మార్చి చూడండి. ఫ్లోటింగ్ గేట్‌లోని ఎలక్ట్రాన్ ఆక్సైడ్ అంచును సెకనుకు 10¹⁴ సార్లు తాకుతుందనుకుందాం. ఇది స్థూలమైన అంచనాయే, అయినా మనకు సరిపోతుంది. పొర 4 నానోమీటర్లే ఉంటే ఒక్కో ఎలక్ట్రాన్ సగటున మూడు నెలల్లో జారుకుంటుంది. మీ ఫైళ్లు ఒక ఏడాది కూడా నిలవవు. 5 నానోమీటర్లయితే అదే ఎలక్ట్రాన్ 30 వేల సంవత్సరాలు ఉంటుంది. 7 నానోమీటర్లయితే 4 కోట్ల కోట్ల సంవత్సరాలు. కొన్ని అణువుల వరసల తేడా మూడు నెలలను విశ్వం వయసు కన్నా ఎన్నో వేల రెట్లు పెద్దదైన కాలంగా మార్చేస్తోంది. నా దృష్టిలో టన్నెలింగ్‌లో మొదట మనసుకు పట్టవలసిన విషయం ఇదే: దాటుతుందా లేదా అన్నది కాదు, ఎంత మందం మీద ఆ సంభావ్యత ఏ స్థాయిలో ఉందన్నది.

ఇక శక్తి సంగతి. ప్రోగ్రామ్‌లో E విలువను 0.05 నుంచి 1.05కు పెంచండి. 7 నానోమీటర్ల పొరలో సంభావ్యత సుమారు 3 కోట్ల రెట్లు పెరుగుతుంది. అదే మార్పు 1 నానోమీటరు పొరలో చేస్తే పెరుగుదల వంద రెట్లకు అటూ ఇటూగా ఉంటుందంతే. పొర మందంగా ఉన్న కొద్దీ శక్తిలోని మార్పు ప్రభావం ఎక్కువవుతుందన్నమాట. అయితే వేడి తగిలి ఎలక్ట్రాన్‌కు ఆ అదనపు 1 ఎలక్ట్రాన్ వోల్టు దొరికిపోతే డేటా పోదా అన్న అనుమానం ఇక్కడ సహజంగా వస్తుంది. గది ఉష్ణోగ్రత వద్ద అంత శక్తి దొరికే అవకాశం 10¹⁷లో రెండు మాత్రమే. 3 కోట్ల రెట్ల లాభాన్ని ఆ నష్టం పూర్తిగా మింగేస్తుంది. కనుక లోపం లేని ఆక్సైడ్‌లో వేడి వల్ల టన్నెలింగ్ చెప్పుకోదగినంతగా పెరగదు.

మరి రాసేటప్పుడు ఏం జరుగుతుంది? చిప్ తనలోనే 20 వోల్టులకు దగ్గరగా వోల్టేజిని తయారుచేసుకుని, ఫ్లోటింగ్ గేట్ మీదుండే కంట్రోల్ గేట్‌కు ఇస్తుంది. అందులో కొంత భాగం ఈ పలుచని ఆక్సైడ్ మీద పడుతుంది. నానోమీటరుకు 1 వోల్టు చొప్పున పడిందనుకోండి. అప్పుడు అడ్డు మందమంతటా ఒకే ఎత్తులో ఉండదు. సిలికాన్ వైపు 3.1 దగ్గర మొదలై, నానోమీటరుకు 1 చొప్పున వాలుతూ, 3.1 నానోమీటర్ల దూరంలో ఎలక్ట్రాన్ శక్తి మట్టానికి దిగిపోతుంది. పొర అసలు మందం 7 నానోమీటర్లే అయినా ఎలక్ట్రాన్ టన్నెల్ చేయవలసిన దూరం 3.1 మాత్రమే, అందులోనూ ముందుకు వెళ్లే కొద్దీ ఎత్తు తగ్గుతూ ఉంటుంది. ఈ త్రికోణాకారపు అడ్డుకు భౌతిక శాస్త్రవేత్తలు ఫౌలర్, నార్డ్‌హైమ్ 1928లో ఇచ్చిన పద్ధతిలో లెక్క కడితే సంభావ్యత 10⁻¹⁰ నుంచి 10⁻¹¹ స్థాయికి వస్తుంది. ఊరికే ఉన్నప్పటి 10⁻³⁶తో పోలిస్తే ఇది 25 ఘాతాలు ఎక్కువ. సెకనులో అతి చిన్న భాగంలోనే కావలసినన్ని ఎలక్ట్రాన్లు లోపలికి చేరిపోతాయి. వోల్టేజి తీసేయగానే అడ్డు మళ్లీ పూర్తి మందంతో నిలబడుతుంది. మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది. ఆక్సైడ్ మీది వోల్టేజిలో పదో వంతు పెంపు టన్నెలింగ్‌ను 9 రెట్లు చేస్తుంది కాబట్టి, చిప్ కూడా ఒకేసారి బలంగా కొట్టదు. చిన్న చిన్న పల్సులుగా ఇస్తూ, ప్రతి పల్సు తర్వాత ఎలక్ట్రాన్లను దాచే ఆ సెల్ ఎంత నిండిందో చదివి చూసుకుంటుంది.

ప్రోగ్రామ్‌తో ప్రయోగాలు చేసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. E విలువ V0కు సమానమైతే సున్నాతో భాగహారం వస్తుంది, దాటితే వర్గమూలం దగ్గర దోషం చూపి ఆగిపోతుంది. అక్కడ `T = 1` అని రాసి సరిపెట్టుకోకండి. V0ను దాటిన తర్వాత సూత్రంలో `sinh` స్థానంలో `sin` వస్తుంది, వర్గమూలంలోనూ భాగహారంలోనూ V0 − E బదులు E − V0 వస్తుంది. శక్తి చాలినా తరంగంలో కొంత భాగం వెనక్కి మళ్లుతూనే ఉంటుంది. కొన్ని ప్రత్యేక శక్తుల వద్ద మాత్రమే అది పూర్తిగా దాటుతుంది.

ఇంత లెక్క చూశాక, 4 కోట్ల కోట్ల సంవత్సరాలు నిలవాల్సిన డేటా వాస్తవంలో కొన్నేళ్లకే ఎందుకు చెదురుతుందని మీరు అడగవచ్చు. రాసేటప్పుడు టన్నెల్ చేసి ఆక్సైడ్ మధ్యలో బయటపడిన ఎలక్ట్రాన్, మిగిలిన దూరాన్ని బలమైన విద్యుత్ క్షేత్రంలో వేగం పుంజుకుంటూ వెళ్తుంది. ఆ శక్తికి ఆక్సైడ్‌లోని బంధాలు అక్కడక్కడా తెగి లోపాలు ఏర్పడతాయి. పొర మధ్యలో అటువంటి లోపం ఒకటి ఉంటే, ఎలక్ట్రాన్ అక్కడిదాకా టన్నెల్ చేసి, ఆగి, మళ్లీ అవతలికి టన్నెల్ చేయగలదు. 7 నానోమీటర్ల గెంతు ఒకటి, 3.5 నానోమీటర్ల గెంతులు రెండు అవుతుంది. ఒక్కో గెంతు సంభావ్యత 10⁻³⁶ కాదు, 10⁻¹⁸ స్థాయిలో ఉంటుంది. అవి విడివిడిగా, ఒకదాని తర్వాత ఒకటి జరుగుతాయి కనుక రెండింటినీ గుణించి మళ్లీ 10⁻³⁶కు చేర్చకూడదు. పైగా లోపాల మీదుగా సాగే ఈ లీకేజీని వేడి పెంచుతుంది. అందుకే ఎస్‌ఎస్‌డీలకు చిప్‌ల ప్రమాణాల సంస్థ జెడెక్ పెట్టిన ప్రమాణం, రాసే సామర్థ్యమంతా వాడేసిన డ్రైవ్ గురించి మాట్లాడుతుంది: వ్యక్తిగత వాడకానికి తయారైనది కరెంటు లేకుండా 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఏడాది, సంస్థల సర్వర్లకు తయారైనది 40 డిగ్రీల వద్ద మూడు నెలలు డేటాను నిలపాలి. కొత్త డ్రైవ్ ఇంతకంటే ఎంతో ఎక్కువ కాలం నిలుపుతుంది.

ఇప్పటి చాలా చిప్‌లలో ఫ్లోటింగ్ గేట్ స్థానంలో సిలికాన్ నైట్రైడ్ పొర ఉంటుంది, టన్నెలింగ్ పొర కూడా ఒకే పదార్థంతో ఉండదు. అంకెలు మారతాయి కానీ మందానికీ శక్తికీ ఉన్న పట్టు మారదు. చాలాసార్లు రాసి చెరిపిన పాత డ్రైవ్‌లో, కొత్తగా రాసిన ఫైల్ వేగంగా తెరుచుకుంటూ ఏళ్ల కిందటి ఫైల్ మాత్రం బాగా నెమ్మదిగా కాపీ అవుతుంటే, డ్రైవ్‌ను నడిపే కంట్రోలర్ చిప్ ఆ సెల్స్‌ను మళ్లీ మళ్లీ చదివి తప్పులు దిద్దుకుంటోందని అనుమానించాలి. అప్పుడు దాన్ని ఊరికే కంప్యూటర్‌కు తగిలించి ఉంచితే ఎలక్ట్రాన్లు తిరిగి నిండుతాయన్న హామీ లేదు. ఫైళ్లను మరోచోటికి కాపీ చేసి, సరిగా వచ్చాయని చూసుకుని, ఆ తర్వాతే పాత డ్రైవ్‌ను చెరిపి మళ్లీ రాయండి.