తెలుగు స్క్రిప్టుకు నిమిషానికి 150 మాటల లెక్క కుదరదు

ప్రశ్న: నమస్తే సార్. నేను జర్నలిజంలో పీజీ పూర్తి చేశాను. ఒక న్యూస్ ఛానెల్ వాళ్లు స్క్రిప్ట్ టెస్ట్ ఇచ్చారు. గుంటూరు మిర్చి యార్డు మీద 3 నిమిషాల స్టోరీ రాయాలి, అందులో రైతులు కెమెరా ముందు మాట్లాడే 20 సెకన్ల బైట్లు రెండు ఉండాలి. నిమిషానికి 150 మాటలు అని నెట్‌లో చూసి 450 మాటలు రాశాను. టైమర్ పెట్టి పైకి చదివితే 4 నిమిషాల 40 సెకన్లు వచ్చింది. నేను నెమ్మదిగా చదువుతున్నానా? స్పీడ్ పెంచాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: స్పీడ్ పెంచొద్దమ్మా. నీ చదువులో తప్పేమీ లేదు, నువ్వు పట్టుకున్న లెక్కే మనది కాదు. ఆ 150 ఇంగ్లీషు చదివేవాళ్ల అంకె. ఇంగ్లీషులో 'దే ఆర్ నాట్ ఏబుల్ టు సెల్' అంటే ఆరు మాటలు, మనం 'అమ్ముకోలేకపోతున్నారు' అని ఒక్క మాటలో తేల్చేస్తాం. ఆ ఒక్క మాట పలకడానికే ఒకటిన్నర సెకను పడుతుంది. విభక్తి, కాలం, లేదు-కాదు అన్నీ మాటకే అతుక్కుని వస్తాయి కాబట్టి మన మాటలు పొడుగు, నిమిషంలో పట్టేవి తక్కువ.

నీ అసలు వేగం నీ మెసేజ్‌లోనే ఉంది. 4 నిమిషాల 40 సెకన్లు అంటే 280 సెకన్లు. 450ని 280తో భాగించి 60తో గుణిస్తే 96. నిమిషానికి 96 మాటలు, తెలుగు వాయిస్ ఓవర్‌కు హాయిగా సరిపోయే వేగం. అయితే ఒక్క అనుమానం. మంచం మీద కూర్చుని గొణుక్కుంటూ చదివావా, రికార్డింగ్‌కు చదివినట్టు గొంతు విప్పి చదివావా? గొణిగితే వేగం ఎక్కువగా కనిపిస్తుంది, మైకు ముందుకు వెళ్లాక అది నిలబడదు. నిటారుగా కూర్చుని, ఫోన్‌లో రికార్డ్ చేస్తూ ఇంకోసారి చదువు. కాస్త అటూ ఇటుగా మళ్లీ అంతే వస్తే ఆ 96ని నీ సొంత అంకెగా పెట్టుకో.

ఇప్పుడు 3 నిమిషాలకు 288 మాటలు అనుకుంటావేమో, అదీ కాదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. 3 నిమిషాలు స్టోరీ మొత్తానికి, నీ గొంతుకు కాదు. 180 సెకన్లలో బైట్లకే 40 పోతాయి. మొదట్లో యార్డులో మిర్చి బస్తాలు, అదే టిక్కీలు, దించే చప్పుడు, మధ్యలో బేరాల సందడి, ఇలా నువ్వేమీ మాట్లాడకుండా వదిలే సహజ శబ్దానికి ఓ 15 తీసెయ్. మిగిలింది 125 సెకన్లు. నీ వేగానికి సరిగ్గా 200 మాటలు. బైట్ అయిపోయి మళ్లీ నీ గొంతు మొదలయ్యే ప్రతిచోటా అర సెకనో ముప్పావు సెకనో ఖాళీ వస్తుంది కాబట్టి 190 దగ్గర ఆగు. 450 రాసినదాన్ని 190కి దించాలంటే గుండె గుభేల్మంటుంది, తెలుసు. నేను రేడియోకు రాసిన మొదటి స్క్రిప్టుకూ ఇదే గతి పట్టింది, చివరి పేజీ మొత్తం స్టూడియోలో నిలబడే కొట్టేయాల్సి వచ్చింది. నీకు ఆ పని ఇంట్లో తీరిగ్గా చేసుకునే టైముంది.

ఇంకో చిక్కు. కంప్యూటర్ మాటలను ఖాళీలను బట్టి లెక్కపెడుతుంది. మనం ఒకే వాక్యాన్ని రెండు రకాలుగా విడగొడతాం. 'మార్కెట్ యార్డుకు తెచ్చిన మిర్చిని రైతులు అమ్ముకోలేక పోతున్నారు' అని రాస్తే ఏడు మాటలు. 'మార్కెట్‌యార్డుకు', 'అమ్ముకోలేకపోతున్నారు' అని కలిపి రాస్తే అదే వాక్యం ఐదు. చదవడానికి ఎలా రాసినా నాలుగు సెకన్లే. అంటే అదే గొంతు, అదే వాక్యం, ఒక లెక్కలో నిమిషానికి 105, ఇంకో లెక్కలో 75. అందుకే వేరేవాళ్ల అంకె నీకు పనికిరాదు, వేగం కొలిచిన స్క్రిప్టులో ఎలా విడగొట్టావో కొత్త స్క్రిప్టులోనూ అలాగే విడగొట్టాలి. అనుమానం వచ్చిన వాక్యానికి అక్షరాలు లెక్కపెట్టు, పొల్లులు వదిలేసి. పై వాక్యంలో 23 అక్షరాలు, నాలుగు సెకన్లు, అంటే సెకనుకు ఆరుకు కాస్త తక్కువ. దీర్ఘాలు ఎక్కువున్న వాక్యం ఇంకొంచెం సాగుతుంది గానీ, మాటల లెక్క కంటే ఇది చాలా నమ్మకం.

ముఖ్యంగా అంకెల దగ్గర ఈ పని చెయ్యి. క్వింటాలు రేటు ₹14,750 అని రాశావనుకుందాం. కంప్యూటర్‌కు అది ఒక్క మాట. నోటితో 'పద్నాలుగు వేల ఏడు వందల యాభై రూపాయలు', 17 అక్షరాలు, దాదాపు మూడు సెకన్లు. మిర్చి స్టోరీ అంటే రేట్లు, బస్తాలు, క్వింటాళ్లు, అన్నీ అంకెలే. పది అంకెలుంటే లెక్కకు పది మాటలు, చదివితే అర నిమిషం. స్క్రిప్టులో అంకెలన్నీ అక్షరాల్లో రాసేసి అప్పుడు లెక్కపెట్టు. రైతుకు దక్కిన అసలు రేటు కథకు ప్రాణం కాబట్టి దాన్ని పూర్తిగా ఉంచు, మిగతా చోట్ల 'దాదాపు పదిహేను వేలు' అంటే చాలు.

ఇక స్పీడ్ పెంచడం గురించి. ప్రయత్నించి చూడు, నీకే వినిపిస్తుంది. 190 మాటలను 125 సెకన్లకు బదులు 95 సెకన్లలో చదివి రికార్డ్ చెయ్. ముందుగా దెబ్బతినేది వాక్యం తోక. మన భాషలో అసలు సంగతి చివరి క్రియలోనే ఉంటుంది కదా, 'ఇచ్చారు'కూ 'ఇవ్వరు'కూ తేడా అక్కడే. ఊపిరి చాలక ఆ చివరి అక్షరాలు మింగేస్తే, డబ్బులు అందాయో లేదో వినేవాళ్లకు తెలియదు. ఒత్తులు కూడా చప్పబడతాయి. టెస్ట్ దిద్దేవాళ్లు స్క్రిప్టును పైకి చదివి చూస్తే, పొడుగైన సంగతి పదో సెకనుకే పట్టేస్తారు.

తగ్గించేటప్పుడు మాటలు గిల్లకు, వాక్యాలు ఎత్తెయ్. మొదట, బైట్‌లో రైతు చెప్పబోయేదాన్ని నువ్వు ముందే చెప్పిన వాక్యాలు పోవాలి. 'కూలి ఖర్చులు కూడా రావడం లేదని రైతులు వాపోతున్నారు' అని రాసి, వెంటనే రైతు అదే మాట అంటే దాదాపు నాలుగు సెకన్లు దండగ. తర్వాత, కెమెరా చూపించేవి. ఎర్రగా ఆరబోసిన మిర్చి కళ్లకు కనిపిస్తుంటే 'ఎటు చూసినా ఎర్రటి మిర్చి రాశులే' అక్కర్లేదు. నీ స్క్రిప్టులో యార్డు చరిత్ర ఓ పేరా ఉండే ఉంటుంది, అందరూ రాస్తారు, అది మొత్తం తీసెయ్.

చివరి కాపీని మళ్లీ గొంతు విప్పి చదువు, బైట్ల దగ్గర 20 సెకన్లు నిజంగా ఆగుతూ, చప్పుళ్ల దగ్గర కూడా ఆగుతూ. 2 నిమిషాల 55 సెకన్లకూ 3 నిమిషాలకూ మధ్య వస్తే చాలు. స్క్రిప్ట్ పైన ఒక లైను రాసి పంపు: మొత్తం 3:00, వాయిస్ 2:05, బైట్లు 0:40, సహజ శబ్దం 0:15.