గేటు లెక్కలో రోజూ ఒకరు తక్కువ

ప్రశ్న: మా ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టుకి గేటు చీటీలో ఒక సంఖ్య ఉంటుంది, లోపల మనుషుల్ని లెక్కపెడితే ఒకరు ఎక్కువ ఉంటారు. రోజూ ఇదే తంతు. ఎవరైనా ఎంట్రీ లేకుండా దూరుతున్నారా?

జవాబు: రోజూ సరిగ్గా ఒక్కరే తేడా అంటే మనుషుల్ని అనుమానించే ముందు లెక్క ఎలా కడుతున్నారో చూడండి. పాశమైలారంలో ఒక ప్యాకింగ్ యూనిట్‌లో నైట్ సూపర్‌వైజర్‌గా ఉన్నప్పుడు నాకిదే ఎదురైంది.

మా రిజిస్టర్‌లో వరుస నంబర్లు తేదీ మారినా ఆగవు, పుస్తకం అయిపోయేదాకా సాగుతాయి. పది గంటల షిఫ్టు వాళ్లంతా లోపలికొచ్చాక సెక్యూరిటీ పెద్దాయన చీటీ రాసిచ్చేవాడు. ఒక రాత్రి నంబర్లు 341 నుంచి 388 దాకా ఉన్నాయి, చీటీలో 47. క్యాంటీన్‌లో నేను పంచిన టోకెన్లు మాత్రం 48. కాంట్రాక్టర్‌కి బిల్లు చీటీని బట్టే కాబట్టి, అతను ఆలస్యంగా వచ్చే ఒక హెల్పర్ హాజరు కొట్టేసేవాడు. "గేటులో నీ ఎంట్రీ లేదు" అనేవాడు. రిజిస్టర్ తెరిస్తే 10.12కి ఆ కుర్రాడి పేరు, సంతకం స్పష్టంగా ఉన్నాయి. నాకు చాలా బాధేసింది.

జనం సగమే వచ్చే ఆదివారం కూడా తేడా ఒకటే. దొంగచాటుగా వచ్చేవాళ్లుంటే ఒకరోజు ముగ్గురు, ఒకరోజు ఎవరూ లేకపోవడం జరగాలి కదా. ఇంకో రాత్రి షిఫ్టు మధ్యలో పుస్తకం మారింది. పాతదాంట్లో 388 నుంచి 400, కొత్తదాంట్లో 1 నుంచి 35. ఆ రోజు చీటీలో 46, లోపల 48. తేడా రెండైంది! నంబర్ల వరుస రెండు ముక్కలైతే తప్పు కూడా రెండైందన్నమాట.

"బాబాయ్, ఇదెలా కట్టావు?" అని అడిగాను.

"చివరి నంబర్లోంచి మొదటిది తీసేశాను సార్. నా ముందు చేసినాయన అలాగే నేర్పాడు."

"341 నుంచి 343 దాకా ఎంతమందో వేళ్ల మీద లెక్కపెట్టు."

"ముగ్గురు."

"తీసివేస్తే?"

ఆయన కాసేపు ఆగి, "రెండే వస్తోంది సార్... మరి ఆ అబ్బాయి డబ్బులో?" అన్నాడు.

ఆ పేజీలన్నీ జిరాక్స్ తీసి హెచ్‌ఆర్‌కి ఇచ్చాం. కోసిన హాజర్లు తిరిగి వేశారు.

తీసివేసినప్పుడు మొదటి మనిషి కూడా పోతాడు. అందుకే ఇప్పుడు ముందు షిఫ్టు చివరి నంబరు తీసేయమంటాను: 388లోంచి 340 తీసేస్తే 48. కొత్త పుస్తకమైతే ఆ ముక్కకి సున్నా నుంచి మొదలుపెట్టాలి. అయితే కొట్టివేసిన ఎంట్రీలు, ఒకే నంబరు రెండుసార్లు పడ్డ వరుసలు ఉంటే ఇదీ తప్పుతుంది, వాటిని విడిగా సరిచూడాలి. మీ తేడా ఒక్కో రాత్రి ఒక్కోలా ఉంటే మాత్రం రిజిస్టర్ పట్టుకుని లోపల పేరుపేరునా పిలవాల్సిందే.