ఫ్యామిలీ గ్రూపులో ఆరోగ్యం ఫార్వర్డులు: మా పెదనాన్నతో నేను చేసిన తప్పు, తర్వాత కుదిరిన పద్ధతి

ప్రశ్న: "మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుకి అడ్మిన్ నేనే. మా మామయ్య రోజూ పది పదిహేను ఫార్వర్డులు పెడతారు. సగం ఆరోగ్యం చిట్కాలు, సగం పుకార్లు. తప్పని చెబితే బాధపడతారు, చెప్పకపోతే పెద్దవాళ్ళు నమ్మేస్తున్నారు. గ్రూపులోంచి తీసేయాలా? మీ ఇళ్ళల్లో ఇలాంటిది ఎలా సర్దుకున్నారు?"

తీసేయకండి. నేను తీసేయడం కూడా కాదు, అందరి ముందు ఒక్క మాట అన్నాను. దానికే మా పెదనాన్న నాతో ఎనిమిది నెలలు మాట్లాడలేదు.

నేను విజయవాడలో ఫిజియోథెరపిస్టుని. పక్షవాతం వచ్చి చెయ్యి, కాలు పడిపోయినవాళ్ళకి వ్యాయామాలు చేయించడం నా రోజువారీ పని. పెదనాన్న గుంటూరు బ్రాడీపేటలో ఉంటారు, రిటైరైన లెక్కల మాస్టారు. ఒకరోజు పొద్దున్నే ఆయన గ్రూపులో ఒక పొడుగాటి మెసేజ్ పెట్టారు. మీ గ్రూపులోకీ వచ్చే ఉంటుంది. పక్షవాతం వస్తే మనిషిని కదిలించకూడదు, కదిలిస్తే మెదడులో సన్న రక్తనాళాలు చిట్లిపోతాయి. కూర్చోబెట్టి పది వేళ్ళ చివర్లా సూదితో గుచ్చి ఒక్కో చుక్క రక్తం తీయాలి. నోరు వంకరపోతే చెవులు ఎర్రబడేదాకా లాగి, తమ్మెల మీద కూడా గుచ్చాలి. మనిషి మామూలైన తర్వాతే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఇదీ అందులో ఉన్నది.

నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు నిమిషాల్లో "ఇది ఫేక్, చూసుకుని పెట్టండి పెదనాన్నా" అని రాసి, కింద ఒక ఇంగ్లీషు లింకు పెట్టాను. మా తమ్ముళ్ళు నవ్వే బొమ్మలు పెట్టారు. ఆ రాత్రే ఆయన గ్రూపులోంచి వెళ్ళిపోయారు. పెద్దమ్మ మా అమ్మకి ఫోన్ చేసి, "పిల్లలందరి ముందూ ఆయన్ని అంత మాట అంటారా" అని ఏడ్చింది.

ఇందులో నన్ను ఎక్కువ కలవరపెట్టింది గొడవ కాదు. నెల తర్వాత సత్తెనపల్లిలో మా అత్తయ్య వాళ్ళింటికి వెళ్తే, ఫ్రిజ్ మీద చిన్న డబ్బాలో కొత్త సూదులు కనిపించాయి. ఎందుకత్తయ్యా అంటే, "మీ పెదనాన్న పెట్టాడుగా, ఉంచుకున్నాను" అంది. నేను పెట్టిన లింకు ఆవిడ తెరవనే లేదు. గ్రూపులో అందరూ మా ఇద్దరి తగాదా గురించి మాట్లాడుకున్నారు కానీ సూది మంచిదా చెడ్డదా అన్న సంగతి ఎవరూ మాట్లాడలేదు. ఆ మెసేజ్ చెప్పవలసింది చెప్పేసి నిలబడింది, నా జవాబు ఎవరికీ అందలేదు.

తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనం వేళకి బ్రాడీపేట వెళ్ళాను. ముందు క్షమాపణ అడిగాను. అందరిలో అనడం తప్పేనని చెప్పాను, నిజంగానే తప్పు కాబట్టి. భోజనాలయ్యాక, "పెదనాన్నా, ఆ సూది మెసేజ్ మీకు ఎవరు పంపారు?" అని అడిగాను. వాకింగ్ గ్రూపులో స్నేహితుడు పంపాడన్నారు. ఫోన్ తీసి చూపించారు. మెసేజ్ పైన రెండు బాణాల గుర్తు, పక్కన Forwarded many times అని ఉంది. ఆ రెండు బాణాలు అలంకారం కాదు. రాసినవాడి దగ్గర్నుంచి కనీసం అయిదు చేతులు మారి వచ్చిన మెసేజ్‌కే అది పడుతుంది. అంటే ఆ స్నేహితుడికీ దాన్ని రాసిందెవరో తెలియదు. అబద్ధమని ఆ గుర్తు చెప్పదు, చెప్పినవాడు మన మనిషి కాడని మాత్రం చెబుతుంది. లెక్కల మాస్టారికి ఇది వెంటనే పట్టింది. "మూలం లేని లెక్క" అన్నారు.

కానీ ఆయన దగ్గర ఇంకో బలమైన మాట ఉంది. "అమ్మాయ్, మా వాడి బావగారికి తెనాలిలో నిజంగానే గుచ్చారు. పది నిమిషాల్లో నోరు సరైంది. కళ్ళారా చూసినవాళ్ళున్నారు. దానికేం చెబుతావు?"

ఇక్కడ చాలామంది "అదేం లేదు, అబద్ధం" అనేస్తారు. అది అబద్ధం కాదు, నిజంగానే జరిగి ఉంటుంది. మెదడుకి వెళ్ళే రక్తనాళంలో చిన్న గడ్డ అడ్డుపడి, దానంతట అదే కరిగిపోయే సందర్భాలు ఉన్నాయి. మూతి వంకరపోతుంది, చెయ్యి లేవదు, మాట తడబడుతుంది, కొన్ని నిమిషాల్లోనో ఒక గంటలోనో అన్నీ మామూలైపోతాయి. డాక్టర్లు దీన్ని టీఐఏ అంటారు, మినీ స్ట్రోక్ అని కూడా అంటారు. ఆ పది నిమిషాల్లో సూది గుచ్చినవాళ్ళకి సూదే కాపాడినట్టు కనిపిస్తుంది. చెవి లాగినవాళ్ళకి చెవి లాగడం వల్ల తగ్గినట్టు ఉంటుంది. ఏమీ చేయకపోయినా తగ్గేదే అది. అందుకే ఈ మెసేజ్‌కి ప్రతి ఊళ్ళోనూ సాక్షులు దొరుకుతారు, వాళ్ళంతా మంచివాళ్ళే, చూసిందే చెబుతున్నారు.

అసలు ప్రమాదం ఆ తర్వాత ఉంది. మినీ స్ట్రోక్ అంటే పెద్దది రాబోతోందన్న హెచ్చరిక. మొదటి రెండు రోజుల్లో ఆ ముప్పు అన్నిటికంటే ఎక్కువ. తగ్గిపోయిందని ఇంట్లో ఉండిపోతే, బీపీ, షుగరు, గుండె లయ, మెడలోని రక్తనాళాలు చూసి మందులు మొదలుపెట్టే అవకాశం పోతుంది.

ఇక తగ్గకుండా ఉండే అసలు స్ట్రోక్ అయితే, "కదిలించకండి" అన్న ఒక్క వాక్యమే మనిషిని ముంచేస్తుంది. గడ్డ వల్ల వచ్చిన పక్షవాతానికి ఆ గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఉంది. మామూలుగా దాన్ని లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇస్తారు, ఎంత ముందు ఇస్తే అంత మేలు. ఆ ఇంజెక్షన్‌కి ముందు సీటీ స్కాన్ తీయాలి. ఎందుకంటే రక్తనాళం చిట్లినా పైకి అవే లక్షణాలు ఉంటాయి, చిట్లినవాళ్ళకి అదే ఇంజెక్షన్ ప్రాణం మీదికి తెస్తుంది. వేలి చివర తీసే చుక్కకీ మెదడులో ఉన్న గడ్డకీ సంబంధమే లేదు. నా దగ్గరికి వ్యాయామానికి వచ్చే ఒకాయన భార్య నాతో చెప్పింది: రాత్రి తొమ్మిదికి మాట పడిపోతే వేళ్ళకి గుచ్చి, తెల్లారేదాకా పక్కన కూర్చుని, పొద్దున బయల్దేరారట. ఆయన కుడిచెయ్యి ఇప్పటికీ గ్లాసు పట్టుకోలేదు. ఇది పెదనాన్నకి చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తెనాలి బావగారి సంగతి అడగడానికి తనే స్నేహితుడికి ఫోన్ చేశారు. ఆ బావగారిని అప్పటిదాకా ఏ డాక్టరుకీ చూపించలేదట. ఆ వారమే చూపించారు, బీపీ బాగా ఎక్కువగా ఉందని మందులు మొదలుపెట్టారు.

నేను గ్రూపులో దిద్దుబాటు రాయలేదు. పెదనాన్న గొంతుతోనే రికార్డు చేసి పెట్టమని అడిగాను. నమ్మినవాళ్ళు ఆయన్ని నమ్మారు, కాబట్టి సరిచేసే మాట కూడా ఆయన నుంచే రావాలి. ఇద్దరం కూర్చుని ఇలా రాసుకున్నాం, మీకు పనికొస్తే తీసుకోండి:

"నేను ఇంతకుముందు పెట్టిన సూది మెసేజ్ పాటించకండి, కనుక్కుంటే తప్పని తేలింది. నవ్వమంటే మూతి ఒకవైపు జారినా, రెండు చేతులు ఎత్తమంటే ఒకటి కిందికి వాలినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి. సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రికే తీసుకెళ్ళమని అడగండి. మనిషి చివరిసారి బాగా ఉన్నట్టు చూసిన టైము గుర్తుపెట్టుకోండి, డాక్టరు మొదట అదే అడుగుతారు. నోట్లో నీళ్ళు, బిళ్ళలు ఏమీ వేయకండి. తగ్గిపోయినా సరే, వెళ్ళండి."

నీళ్ళు వద్దనడం ఎందుకంటే, ఆ సమయంలో మింగడం సరిగ్గా రాక ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. చాలా ఇళ్ళల్లో కంగారుగా ముందు చేసే పని అదే. బిళ్ళల్లో ఆస్ప్రిన్ కూడా ఉంది. లోపల చిట్లి ఉంటే అది రక్తస్రావాన్ని పెంచుతుంది.

ఆ ఆడియో నిమిషం కూడా లేదు, తెలుగులో ఉంది, తెలిసిన గొంతు. సత్తెనపల్లి అత్తయ్య రెండుసార్లు విని, సూదుల డబ్బా తీసేశానని నాకు ఫోన్ చేసింది. పెదనాన్న దాన్ని వాకింగ్ గ్రూపులో కూడా పెట్టారు.

అప్పటి నుంచి మా మధ్య ఒక ఒప్పందం ఉంది. ఆరోగ్యం గురించి ఏది వచ్చినా ఆయన ముందు నాకు పంపుతారు, నేను ఆ రాత్రి లోపు జవాబిస్తాను. నా వైపు మాట నిలబెట్టుకోవడమే ఇందులో కష్టం. రెండు రోజులు ఆలస్యం చేస్తే ఆయన గ్రూపులో పెట్టేస్తారు, అది నా తప్పే అనుకుంటాను. అన్నిటికీ అడ్డు చెప్పను. పరగడుపున గోరువెచ్చటి నీళ్ళు, నానబెట్టిన మెంతులు లాంటివి వదిలేస్తాను. మూడు రకాలకి మాత్రం ఒప్పుకోను: వాడుతున్న మందు మానేయమనేది, ఆస్పత్రికి వెళ్ళడం ఆలస్యం చేసేది, షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళని కొత్త కషాయం తాగమనేది. మీరు కూడా మీ మామయ్య ఫార్వర్డుల్లో ఈ మూడిట్లో పడేవాటినే ఎంచుకోండి. రోజుకి పదిహేనింటితో పోట్లాడితే ఆయన మీ మాట వినడం మానేస్తారు.

పుకార్ల పద్ధతి వేరు, అక్కడ ఆగడానికి టైము ఉండదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదప్పుడు, మళ్ళీ గండి పడిందని మా గ్రూపులో ఒక వీడియో వచ్చింది. సింగ్ నగర్‌లో ఉన్న మా పిన్ని వాళ్ళకి ఫోన్ చేస్తే నీళ్ళు తగ్గుతున్నాయని చెప్పారు. అదే మాట గ్రూపులో పెట్టాం. ఊళ్ళో జరిగిందన్న కబురైతే, ఆ ఊళ్ళో ఉన్న మనిషిని అడగడాన్ని మించినది నాకు కనిపించలేదు.

అడ్మిన్‌గా మీకు ఎవరి మెసేజ్‌నైనా అందరికీ కనబడకుండా తీసేసే వీలుంది. దాన్ని సూది మెసేజ్ లాంటి ప్రాణం మీదికి తెచ్చేవాటికే వాడండి, తీసేముందు మామయ్యకి ఫోన్ చేసి చెప్పండి. అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగ్ మార్చే ఆలోచన నాకూ వచ్చింది. అలా చేస్తే ఆయన ఒక్కొక్కరికీ విడిగా పంపడం మొదలుపెడతారు. అప్పుడు ఎవరికి ఏం చేరిందో మీకు తెలియదు, సరిచేసే దారీ ఉండదు.

మొదట మామయ్యకి ఫోన్ చేయండి, వీలైతే ఇంటికే వెళ్ళండి. ఒక్క మెసేజ్ తీసుకుని, దాన్ని ఎవరు పంపారో అడిగి, ఆయన చేతే పైకి చదివించండి. మా ఇంట్లో రెండు గంటలు పట్టింది. వాకింగ్ గ్రూపులో ఆ సూది మెసేజ్ ఇంకా అప్పుడప్పుడు తిరిగి వస్తూనే ఉంది. వచ్చినప్పుడల్లా పెదనాన్న తన ఆడియోని దాని కిందే మళ్ళీ పెడుతున్నారు.