డాలస్ నుంచి సియాటెల్ ఉద్యోగానికి రాసేటప్పుడు

సందేహం: డాలస్‌లో చదువయ్యాక విద్యార్థి వీసా మీదే పనిచేయనిచ్చే ఓపీటీ మీద ఉద్యోగం చేస్తున్నాను. సియాటెల్ ఉద్యోగాలకు పంపే ఈమెయిల్‌లో ‘ఎక్కడికైనా రావడానికి సిద్ధం’ అని రాస్తున్నాను. పిలుపు రావడం లేదు. చిరునామా దగ్గర అక్కడున్న మా అన్నయ్య ఇల్లు రాయమంటున్నారు. రాయవచ్చా?

జవాబు: అన్నయ్య చిరునామా వద్దు. రేపు ఉదయమే ఆఫీసుకు రమ్మంటే ఏం చెబుతారు? ‘ఎక్కడికైనా’ అన్న మాట కూడా తీసేయండి. చదివేవారికి అది వంద కంపెనీలకు ఒకేసారి పంపిన ఉత్తరంలా కనిపిస్తుంది. నేనూ మొదట్లో అలాగే రాసేవాణ్ణి.

టెక్సాస్ చిరునామా చూసిన రిక్రూటర్‌కు కలిగే అనుమానాలు రెండే: ఈ మనిషి నిజంగా వస్తాడా, వస్తే ఎప్పుడు వస్తాడు? వాటికి జవాబు ఈమెయిల్ చివర మూడు వాక్యాల్లో ఇమిడిపోతుంది. మీ అద్దె ఒప్పందం జూన్ 30తో ముగుస్తుందనుకుందాం. అప్పుడు ఇలా రాయండి: ‘ప్రస్తుతం డాలస్‌లో ఉంటున్నాను. మా అన్నయ్య కుటుంబం సియాటెల్‌లోనే ఉంది కాబట్టి జులై మొదటి వారంలో అక్కడికి మారుతున్నాను. ఆన్‌లైన్ ఇంటర్వ్యూకు ఎప్పుడైనా సిద్ధం, నేరుగా రమ్మంటే మూడు రోజుల ముందు చెబితే చాలు.’ దొంగ చిరునామాగా పనికిరాని అన్నయ్య, మారడానికి కారణంగా చక్కగా పనికొస్తాడు. ఇదంతా ఇంగ్లీషులోనూ ఇంత పొడిగానే ఉండాలి. ఉద్యోగం వస్తేనే మారేటట్లయితే మాత్రం ‘మారుతున్నాను’ అనకండి. ‘ఆఫర్ వచ్చిన నాలుగు వారాల్లో చేరగలను’ అనండి. ఆ నాలుగు వారాల్లో ఇప్పటి కంపెనీకి ఇచ్చే రెండు వారాల నోటీసు కూడా కలిసి ఉండాలి.

సామాను తరలింపు ఖర్చు మొదటి ఈమెయిల్‌లో ఎత్తకండి. ఆఫర్ వచ్చాక అడగండి. కంపెనీ ఇచ్చినా 2018 నుంచి ఆ సొమ్మును జీతంలో భాగంగానే లెక్కించి ఫెడరల్ పన్ను వేస్తున్నారు, కాబట్టి చేతికి వచ్చేది తక్కువే. ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు ఉందేమో కూడా చూసుకోండి.

వీసా సంగతి దరఖాస్తు ఫారమ్‌లోనే అడుగుతారు. ఇప్పుడు పనిచేయడానికి అనుమతి ఉందా అంటే ఉంది. ఇప్పుడు గాని ముందుముందు గాని స్పాన్సర్‌షిప్ కావాలా అంటే, హెచ్‌1బీ ఆలోచన ఉంటే మీకు కావాలి. ఫారమ్‌లో అలా చెప్పి, ఈమెయిల్‌లో ‘స్పాన్సర్‌షిప్ అక్కర్లేదు’ అని రాసినవారిని చూశాను. రెండూ చదివేది ఒకే మనిషి. ఒక మాట జాగ్రత్త: కొత్త ఉద్యోగం చేతికి రాకుండా ఉన్నది వదిలి బయలుదేరకండి. మొదటి ఏడాది ఓపీటీలో ఉద్యోగం లేని రోజులన్నీ కలిపి 90 దాటకూడదు, పెట్టెలు సర్దుకునే రోజులూ అందులోకే వస్తాయి.

ఇంటర్వ్యూ తొమ్మిదింటికి అంటే ఎవరి తొమ్మిదో అడగండి. సియాటెల్‌లో తొమ్మిదయితే మీకు పదకొండు. ఇల్లు మారాక పది రోజుల్లోపు కొత్త చిరునామాను విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ సెవిస్ రికార్డులో మార్పించండి.